ఇంజను ఆగిన క్షణాన తేలిన హంస: అంతరిక్ష కేంద్రంలో బరువు ఏమవుతుంది?

2025 జూన్ 25న శుభాంశు శుక్లాతో కలిపి నలుగురు వ్యోమగాములు ఫాల్కన్ రాకెట్‌పై బయలుదేరినప్పుడు వారి వెంట ‘జాయ్’ అనే చిన్న హంస బొమ్మ కూడా ఉంది. మానవసహిత ప్రయోగాల్లో ఇలా ఒక బొమ్మను తీసుకువెళ్లడం చాలాకాలంగా వస్తున్న ఆనవాయితీ. బొమ్మ గాలిలో తేలడం మొదలైతే భారరహిత స్థితి వచ్చేసిందని అందరికీ తెలుస్తుంది. ప్రయోగం మొదలై సుమారు తొమ్మిది నిమిషాలు గడిచాక రెండో దశ ఇంజను ఆగిపోతుంది. బొమ్మ తేలేది సరిగ్గా అప్పుడే. దానికి ముందు క్షణం వరకు వ్యోమగాముల శరీరాలు మామూలు బరువుకు కొన్ని రెట్ల ఒత్తిడితో కుర్చీలకు అదుముకుని ఉంటాయి. మరుక్షణం ఆ ఒత్తిడి పూర్తిగా పోతుంది.

ఈ సమయాన్ని జాగ్రత్తగా గమనించాలి. పైకి వెళ్లేకొద్దీ గురుత్వాకర్షణ తగ్గిపోవడం వల్లే వ్యోమగాములు తేలుతారనేది చాలామంది నమ్మకం. అదే నిజమైతే బొమ్మ కొంచెం కొంచెంగా తేలికవుతూ రావాలి. పదో కిలోమీటరు దగ్గర కొంత, వందో కిలోమీటరు దగ్గర మరికొంత తేలికైనట్లు కనిపించాలి. అలాంటిదేమీ జరగదు. ఇంజను ఆగే సమయానికి నౌక సుమారు 200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి గురుత్వాకర్షణ నేల మీద ఉన్న దానిలో దాదాపు 94 శాతం. ఇంజను ఆగడానికి ఒక సెకను ముందూ అంతే, ఒక సెకను తరువాతా అంతే. ఆ క్షణంలో మారింది గురుత్వాకర్షణ కాదు, ఇంజను తోపు మాత్రమే. కాబట్టి తేలడానికి కారణాన్ని ఎత్తులో కాక ఆ తోపు దగ్గరే వెతకాలి.

ముందుగా లెక్క చూద్దాం. భూమి కేంద్రం నుంచి ఉపరితలానికి దూరం సుమారు 6,371 కిలోమీటర్లు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉపరితలానికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది, అంటే కేంద్రం నుంచి 6,771 కిలోమీటర్ల దూరంలో. గురుత్వాకర్షణ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 6,371ని 6,771తో భాగించి వర్గం చేస్తే 0.885 వస్తుంది. నేల మీద సెకనుకు 9.8 మీటర్ల చొప్పున వేగం పెంచే ఆకర్షణ, అక్కడ 8.7 మీటర్ల చొప్పున పెంచుతుంది. తేడా అంతే. ఎవరైనా 400 కిలోమీటర్ల ఎత్తైన స్తంభం కట్టి, దాని కొన మీద ఒక తూకం యంత్రం పెడితే, ఇక్కడ 70 కిలోలు తూగే మనిషి అక్కడ సుమారు 62 కిలోలు తూగుతాడు. తేలడం మాట అటుంచి, కాలు జారితే కింద పడిపోతాడు. ఆకర్షణ నిజంగా నేల మీది దానిలో పది లక్షల వంతుకు తగ్గాలంటే భూమి నుంచి 60 లక్షల కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. అది చంద్రుడికి ఉన్న దూరానికి దాదాపు 17 రెట్లు.

మరి బరువు అనిపించేది ఏమిటి? గురుత్వాకర్షణను మన శరీరం నేరుగా ఎప్పుడూ పసిగట్టదు. విషయమంతా ఇక్కడే ఉంది. భూమి మన శరీరంలోని ప్రతి అణువునూ, ఎముకనూ రక్తాన్నీ, ఒకే త్వరణంతో లాగుతుంది. అన్ని భాగాలూ ఒకే విధంగా లాగబడితే ఒక భాగం మరో భాగాన్ని నొక్కదు, సాగదీయదు. మనకు తెలిసేది నేల పైకి తోసే తోపు. నేల పాదాలను తోస్తుంది, పాదాలు కాలి ఎముకలను, అవి నడుమును, నడుము వెన్నెముకను తోస్తాయి. ఈ నొక్కుడు వరుసనే మనం బరువు అని అనుభవిస్తాం. తూకం యంత్రం కూడా కొలిచేది దీన్నే. అది భూమి ఆకర్షణను కొలవదు, తన మీద పాదాలు ఎంత గట్టిగా నొక్కుతున్నాయో కొలుస్తుంది.

లిఫ్టులో తూకం యంత్రం మీద నిలబడితే ఇది తేలిగ్గా తెలుస్తుంది. సాధారణ లిఫ్టు కిందికి బయలుదేరే తొలి క్షణాల్లో సెకనుకు సుమారు ఒక మీటరు చొప్పున వేగం పుంజుకుంటుంది. ఆ కొద్ది సేపూ 70 కిలోల మనిషికి యంత్రం సుమారు 63 కిలోలు చూపిస్తుంది. 400 కిలోమీటర్ల స్తంభం ఎక్కితే తగ్గే బరువూ దాదాపు అంతే. అంటే అంత ఎత్తుకు ఎక్కితే గానీ తగ్గని బరువు, కాళ్ల కింది ఆధారం కొంచెం జారితే తగ్గిపోతుంది. ఇప్పుడు లిఫ్టు ఏ పట్టూ లేకుండా, గాలి నిరోధం కూడా లేకుండా, స్వేచ్ఛగా పడుతోందని ఊహించుకోవాలి. మనిషి, యంత్రం, లిఫ్టు గది ఒకే త్వరణంతో కిందికి పోతాయి. పాదాలు యంత్రాన్ని నొక్కే అవకాశమే లేదు, అది సున్నా చూపిస్తుంది. చేతిలోని తాళంచెవి వదిలేస్తే నేల మీద పడదు, ముఖం ముందే నిలిచి ఉంటుంది. బయటి నుంచి చూసేవారికి అన్నీ పడుతున్నాయి. లోపలివారికి అన్నీ తేలుతున్నాయి. రెండూ ఒకే సంఘటన. 1907లో ఐన్‌స్టీన్‌ను కొత్త గురుత్వ సిద్ధాంతం వైపు నడిపించింది ఈ ఆలోచనే: స్వేచ్ఛగా పడేవాడికి తన బరువు తెలియదు.

ఇదంతా ఒక షరతు మీద నిలబడి ఉంది. బరువైనవీ తేలికైనవీ, ఇనుమూ మాంసమూ, అన్నీ కచ్చితంగా ఒకే త్వరణంతో పడాలి. లేకపోతే అంతరిక్ష కేంద్రపు లోహపు గోడలు వ్యోమగాముల కంటే ముందో వెనుకో పడి వారిని ఒక పక్కకు ఒత్తేవి. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ గాలి లేని చంద్రుడి మీద నిలబడి ఒక సుత్తినీ డేగ ఈకనూ ఒకేసారి వదిలాడు. రెండూ ఒకేసారి నేలను తాకాయి. 2016లో ఫ్రాన్స్ ప్రయోగించిన మైక్రోస్కోప్ ఉపగ్రహం ఇదే పరీక్షను టైటానియం, ప్లాటినం మిశ్రమ లోహపు దిమ్మలతో కక్ష్యలో రెండేళ్లకు పైగా జరిపింది. 2022లో వెలువడిన తుది ఫలితం ప్రకారం వెయ్యి లక్షల కోట్లలో కొన్ని వంతుల సూక్ష్మతతో కొలిచినా వాటి పతనంలో తేడా దొరకలేదు.

తేలడానికి కక్ష్య కూడా అవసరం లేదని చూపిన ఉదాహరణ తెలుగువారికి బాగా తెలిసినదే. గుంటూరు ప్రాంతపు మూలాలున్న బండ్ల శిరీష 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వారి యూనిటీ నౌకలో ప్రయాణించారు. మాతృ విమానం నుంచి విడిపడిన ఆ నౌక సుమారు ఒక నిమిషం రాకెట్‌ను మండించుకుని, దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తు వరకు ఎగసి, తిరిగి దిగింది. అది భూమి చుట్టూ తిరగలేదు. ఆ ఎత్తులో గురుత్వాకర్షణ నేల మీది దానిలో 97 శాతం. అయినా లోపలివారు కొన్ని నిమిషాలు తేలారు. మరో విశేషం ఏమిటంటే, తేలడం మొదలైనప్పుడు నౌక ఇంకా పైకే పోతోంది. ‘పడటం’ అంటే కిందికి కదలడం మాత్రమే అనుకుంటే ఇది అర్థం కాదు. ఇంజను ఆగాక నౌక మీద పనిచేసేది దాదాపు గురుత్వాకర్షణ ఒక్కటే. అది పైకి పోయే వేగాన్ని తగ్గిస్తూ, శిఖరం దగ్గర సున్నా చేసి, తరువాత కిందికి వేగం పెంచుతుంది. ఈ మొత్తం సమయంలో త్వరణం ఒకటే, దాని దిశా ఒకటే. విసిరిన రాయి చేయి విడిచిన మరుక్షణం నుంచే స్వేచ్ఛా పతనంలో ఉంటుంది, పైకి పోతున్నా సరే. కిందికి దిగేకొద్దీ గాలి చిక్కబడి నౌకను ఆపడం మొదలుపెట్టగానే కుర్చీలు మళ్లీ వీపును తోస్తాయి, బరువు తిరిగి వస్తుంది.

అలాంటప్పుడు అంతరిక్ష కేంద్రం కూడా పడుతూనే ఉండాలి. పడుతూనే ఉంది. దాన్ని కింద పడనివ్వనిది ఏమీ లేదు, అది నేలను తాకకపోవడానికి కారణం పక్కకు పోయే వేగం. ఈ లెక్క చూడముచ్చటగా ఉంటుంది. 8.7 మీటర్ల త్వరణంతో ఏ వస్తువైనా మొదటి సెకనులో 4.35 మీటర్లు కిందికి పడుతుంది. అంతరిక్ష కేంద్రమూ అంతే పడుతుంది. అదే సెకనులో అది పక్కకు 7.67 కిలోమీటర్లు పోతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, ఆ ఎత్తున 7.67 కిలోమీటర్లు తిన్నగా పోతే కింది నేల మన దారి నుంచి ఎంత వంగి దూరమవుతుంది? 7.67 వర్గాన్ని 6,771కి రెట్టింపుతో భాగిస్తే 0.00434 కిలోమీటర్లు, అంటే 4.34 మీటర్లు వస్తుంది. పడినంత మేరా నేల వంగిపోయింది. ఎత్తు తగ్గలేదు. తరువాతి సెకనులోనూ అదే జరుగుతుంది. ఇలా పడుతూ పడుతూ 92 నిమిషాల్లో భూమిని ఒకసారి చుట్టి వస్తుంది. కొండ మీద నుంచి మరింత మరింత వేగంగా ఫిరంగి గుళ్లను పేల్చుకుంటూ పోతే చివరికి ఒకటి నేలను తాకకుండా భూమిని చుట్టేస్తుందని న్యూటన్ గీసి చూపించాడు. ఆ బొమ్మ అతని మరణానంతరం 1728లో అచ్చయింది. ఇవాళ అంతరిక్ష కేంద్రం ఎగిరేది ఆ బొమ్మలోని దారిలోనే.

ఇక్కడ వేగం చేసే పని ఏమిటో విడదీసి చెప్పుకోవాలి, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే పుడతాయి. వేగం వల్ల వ్యోమగాములు తేలడం లేదు. పతనం వల్ల తేలుతున్నారు. ఆ పతనం నేలను ఢీకొని ముగిసిపోకుండా చూడటమే వేగం పని. అంతరిక్ష కేంద్రపు వేగాన్ని ఒక్కసారిగా పూర్తిగా ఆపేశారని ఊహిద్దాం. ఆపే ఆ క్షణంలో లోపలివారు గోడలకు కొట్టుకుంటారు, అది వేరే సంగతి. ఆగిన తరువాత కేంద్రం నిట్టనిలువుగా పడటం మొదలుపెడుతుంది. 400 కిలోమీటర్ల నుంచి గాలి చిక్కబడే 100 కిలోమీటర్ల దాకా రావడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ లోపలివారు ఇంతకుముందు తేలినట్లే తేలుతూ ఉంటారు. కిటికీలోంచి చూస్తే తప్ప తేడా తెలియదు.

గురుత్వాకర్షణను అపకేంద్ర బలం రద్దు చేస్తుంది కాబట్టి వ్యోమగాములు తేలుతున్నారనే వివరణ తరగతి గదుల్లో తరచుగా వినిపిస్తుంది. కేంద్రంతో పాటు తిరుగుతూ లెక్క వేసేవారు అలా రాసుకోవడంలో గణితపరంగా తప్పు లేదు. అయితే అది కారణాన్ని కప్పేస్తుంది. నేల మీద నిలబడి చూసేవారికి అంతరిక్ష కేంద్రం మీద బయటికి లాగే బలం ఏదీ లేదు. నిజంగా రెండు బలాలు సమానమై రద్దయి ఉంటే అది వంపు తిరగకుండా తిన్నగా పోయేది. వంపు తిరుగుతోందంటేనే ఆకర్షణ రద్దు కాలేదన్నమాట. పైగా ఈ వివరణ శిరీష ప్రయాణం దగ్గర, వేగం ఆపేసిన ఊహ దగ్గర చేతులెత్తేస్తుంది. అక్కడ భూమి చుట్టూ తిరగడం లేదు, కాబట్టి అపకేంద్ర బలమూ లేదు. తేలడం మాత్రం ఉంది. ఈ సందర్భాలన్నిటికీ ఒకే మాటలో సరిపోయేది స్వేచ్ఛా పతనం ఒక్కటే. పిల్లలకు మొదట చెప్పవలసింది అదే.

అక్కడ గాలి లేకపోవడం వల్ల తేలుతారనే మాట కూడా వినిపిస్తుంది. అంతరిక్ష కేంద్రం లోపల మనం పీల్చే గాలే, సముద్రమట్టంలో ఉన్నంత పీడనంతోనే ఉంటుంది. పోయింది బరువు మాత్రమే, ద్రవ్యరాశి కాదు. వంద కిలోల పెట్టెను వేలితో తోస్తే కదులుతుంది, కానీ మెల్లగా. ఒకసారి కదిలాక ఆపడానికీ అంతే శ్రమ పడాలి. గోడకూ దానికీ మధ్య చేయి ఇరుక్కుంటే నలుగుతుంది. వ్యోమగాముల శరీర ద్రవ్యరాశిని కొలవడానికీ ఇదే ఆధారం. తూకం యంత్రం అక్కడ పనికిరాదు కాబట్టి, ఒక స్ప్రింగు పరికరానికి శరీరాన్ని అదుముకుని ముందుకూ వెనక్కూ ఊగుతారు. ద్రవ్యరాశి ఎక్కువైతే ఊగడం నెమ్మదిస్తుంది. ఆ ఊపుకు పట్టే సమయం నుంచి కిలోలను లెక్కిస్తారు.

తేలడం నూటికి నూరు పాళ్లు సంపూర్ణమా అంటే, కాదు. 400 కిలోమీటర్ల ఎత్తున కూడా అతి పలుచని గాలి ఉంది. అది కేంద్రాన్ని వెనక్కి లాగుతుంది, లోపల తేలే వస్తువును లాగదు. దాంతో వస్తువు కేంద్రంతో పోలిస్తే అతి నెమ్మదిగా ముందుకు జరుగుతుంది. ఈ లాగుడు వల్ల కేంద్రం నెలకు సుమారు రెండు కిలోమీటర్ల ఎత్తు కోల్పోతుంది, సూర్యుడి చురుకుదనాన్ని బట్టి ఇది మారుతుంది. అప్పుడప్పుడు ఇంజన్లను మండించి మళ్లీ పైకి తెస్తారు. ఆ కొద్ది నిమిషాలు లోపల తేలుతున్నవన్నీ వెనుక గోడ వైపు నెమ్మదిగా జారతాయి. ఇంజను ఆగగానే జారే వేగం పెరగడం ఆగిపోతుంది. జాయ్ బొమ్మ దగ్గర జరిగినదే ఇక్కడ చాలా చిన్న మోతాదులో జరుగుతుంది.

గాలి లాగుడు పూర్తిగా లేకపోయినా మిగిలే లోపం ఇంకొకటి ఉంది. అది గురుత్వాకర్షణ నుంచే వస్తుంది. కిటికీలన్నీ మూసేసిన అంతరిక్ష కేంద్రంలో కూర్చుని, కింద భూమి ఉందని కనిపెట్టడం సాధ్యమేనా? తన పతనం ద్వారా ఎవరూ కనిపెట్టలేరు. కానీ రెండు వస్తువుల పతనాలను పోల్చి చూస్తే కనిపెట్టవచ్చు.

కేంద్రం ముందు భాగంలో హార్మొనీ అనే గది ఉంది. ప్రయాణ దిశకు ఎడమ పక్క జపాను వారి కిబో, కుడి పక్క ఐరోపా వారి కొలంబస్ దానికి అతికి ఉంటాయి. హార్మొనీ లోపల కిబో వైపు ఒక బంతిని, కొలంబస్ వైపు ఒక బంతిని, మధ్య గీతకు చెరొక మీటరు దూరం వచ్చేలా నిశ్చలంగా వదిలామనుకుందాం. గాలి మర పంకాలు ఆపేశామని కూడా అనుకుందాం, ఎందుకంటే మామూలుగా ఆ గాలే ప్రతి వస్తువునూ ఈడ్చుకుపోతుంది. పోగొట్టుకున్న పెన్నులూ మరలూ చాలాసార్లు గాలి పీల్చే జాలీల మీదే దొరుకుతాయి. గాలి కదలకపోతే ఈ రెండు బంతులూ వదిలిన చోటే ఉండిపోవాలి కదా అనిపిస్తుంది. ఉండవు. రెండింటినీ భూమి తన కేంద్రం వైపే లాగుతోంది. ఆ రెండు దిశలూ పూర్తిగా సమాంతరం కావు, కింద ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. కాబట్టి ప్రతి బంతీ లేశమాత్రంగా మధ్య వైపు లాగబడుతుంది. మొదటి నిమిషంలో అది జరిగేది రెండు మిల్లీమీటర్లు. పది నిమిషాలకు ఇరవై సెంటీమీటర్లు దాటుతుంది. 23 నిమిషాలకు రెండు బంతులూ మధ్య గీత మీద ఒకదాన్నొకటి తాకుతాయి.

23 నిమిషాలంటే 92లో సరిగ్గా నాలుగో వంతు. ఎందుకంటే ఒక్కో బంతీ నిజానికి భూమి చుట్టూ తన సొంత కక్ష్యలో తిరుగుతోంది. ఆ రెండు కక్ష్యలూ ఒకే పరిమాణంలో ఉండి ఒకదానికొకటి అతి స్వల్పంగా వాలి ఉన్నాయి. అలాంటి రెండు వలయాలు పావు చుట్టు తిరిగేసరికి తప్పక ఒకదాన్నొకటి కోసుకుంటాయి. బంతుల్ని మీటరు దూరంలో వదిలినా, మూడు మీటర్ల దూరంలో వదిలినా కలిసే సమయం మారదు. మూసిన గదిలోంచి గడియారంతో ఆ 23 నిమిషాలను కొలిచినవారు, దాన్ని నాలుగుతో హెచ్చించి తమ కక్ష్యా కాలాన్ని చెప్పగలరు. భూమి ద్రవ్యరాశి తెలిసి ఉంటే, దాని కేంద్రానికి తాము ఎంత దూరంలో ఉన్నారో కూడా లెక్కగట్టగలరు.